ఫిర్యాదుల వారపు సారాంశం: ‘లాగిన్ సమస్యలు’ 34 నుంచి 61కి పెరిగాయి, ఇంజినీర్లకు మాత్రం ఏమీ దొరకలేదు

సోమవారపు చిట్టా

అందరికీ నమస్కారం. నోట్స్ రాసుకునే ఒక యాప్ తయారు చేసే బృందంలో పని చేస్తున్నాను. ఫోన్‌లో రాసిన నోటు కంప్యూటర్‌లో కూడా కనిపించడం ఆ యాప్ ప్రధాన సౌకర్యం. యాప్ స్టోర్లలో వచ్చే రివ్యూలు, సపోర్ట్‌కు వచ్చే మెయిళ్లు, యాప్ లోపల ఉన్న ‘మీ అభిప్రాయం’ పెట్టెలో జనం రాసే మాటలు అన్నీ ఒక షీట్‌లోకి చేర్చి, ఒక్కొక్కటీ చదివి, పక్కన ఒక లేబుల్ రాసి, వాటిని లెక్కపెట్టి ప్రతి సోమవారం మా ప్రొడక్ట్ మేనేజర్‌కు ఒక పేజీ పంపడం నా బాధ్యత. వారానికి సుమారు 400 వస్తాయి. చదవడానికి దాదాపు ఒక పూట పడుతుంది.

41వ వారంలో ‘లాగిన్ సమస్యలు’ 34 అని రాశాను. 42వ వారంలో అవే 61 అయ్యాయి. సహజంగానే దానిని పేజీలో మొదటి వాక్యంగా పెట్టాను. మేనేజర్ మంగళవారం సమావేశంలో ఇద్దరు ఇంజినీర్లను వేరే పని ఆపించి దీని మీద కూర్చోబెట్టారు. రెండు రోజుల తర్వాత వాళ్లు, లాగిన్ వైపు ఏ మార్పూ జరగలేదని, విఫలమైన లాగిన్ల సంఖ్య కూడా ఎప్పటిలాగే ఉందని చెప్పారు. ఇప్పుడు అందరూ నన్ను చూస్తున్నారు.

నేను ఏ వరుసనూ రెండుసార్లు లెక్కపెట్టలేదు, మళ్లీ సరిచూసుకున్నాను. లేబుళ్లకు ముందుగా జాబితా అంటూ ఏదీ లేదు. చదువుతున్నప్పుడు ఏ విషయం కనిపిస్తే దానిని రాస్తాను, చివర్లో దగ్గరగా ఉన్నవాటిని కలుపుతాను. ఎక్కడ తప్పాను?

శాతాలరావు

మీరు సంఖ్యలు ఇవ్వడమే తప్పు, శాతాలు ఇవ్వాలి. ఒక వారం 300 రివ్యూలు, మరో వారం 500 రివ్యూలు వస్తే ప్రతి లేబుల్ కిందా సంఖ్య దానంతట అదే పెరుగుతుంది. మొత్తం ఎన్ని వచ్చాయో చెప్పకుండా 61 అంటే దానికి అర్థం లేదు. నేను మా నివేదికల్లో శాతం తప్ప మరొకటి రాయను.

సోమవారపు చిట్టా

మొత్తాలు 41వ వారంలో 388, 42వ వారంలో 407. శాతంగా చూస్తే 8.8 నుంచి 15కు పెరిగినట్టు వస్తుంది. అంటే శాతాలు ఇచ్చి ఉన్నా నేను అదే వాక్యం రాసేదానిని.

పాతకాపు

శాతాల విషయంలో శాతాలరావు గారు సగం సరిగ్గానే చెప్పారు. మొత్తం మారుతుందన్న మాట నిజం. కానీ ఆ మొత్తంలో ఉన్నవి కూడా ఫిర్యాదులే. ఒక రోజు సర్వర్ ఆగిపోయి ఆ ఒక్క విషయం మీద 200 మంది రాశారనుకోండి, మిగిలిన లేబుళ్లన్నింటి శాతాలూ ఆ వారం పడిపోతాయి, ఏదీ బాగుపడకుండానే అన్నీ బాగుపడినట్టు కనిపిస్తాయి. భాగించదలచుకుంటే ఆ వారం యాప్‌ను వాడినవారి సంఖ్యతో భాగించాలి. ఆ సంఖ్య మీ ఇంజినీర్ల దగ్గర ఉంటుంది.

అయితే ఇక్కడి చిక్కు అది కాదని నా అనుమానం. రెండు విషయాలు అడుగుతాను. మొదటిది, రెండు వారాల్లోనూ లాగిన్ కాకుండా మిగిలిన పెద్ద లేబుళ్ల సంఖ్యలు ఎంత? రెండోది, ఆ 61లో నుంచి ఎంచుకోకుండా, షీట్‌లో ఉన్న వరుసలోనే, ఓ అరడజను వాక్యాలను ఇక్కడ ఉన్నవి ఉన్నట్టుగా పెట్టగలరా? పేర్లు, మెయిల్ చిరునామాలు తీసేయండి.

నక్షత్రం తగ్గింది

మా యాప్ సగటు రేటింగ్ పోయిన నెల 4.1 నుంచి 3.8కి పడిపోయింది. రివ్యూలకు మర్యాదగా జవాబులు రాస్తే రేటింగ్ పెరుగుతుందని కొందరు అంటున్నారు. జవాబు ఎంత పొడవు ఉండాలి, ఎన్ని గంటల లోపు రాయాలి అన్నది ఎవరైనా చెబుతారా?

జవాబుల గది

అది వేరే చర్చ అండీ, విడిగా ప్రారంభిస్తే అక్కడ నాకు తెలిసినంత చెబుతాను. ఇక్కడ అడిగింది జవాబులు రాయడం గురించి కాదు, చదివినదానిని లెక్కగట్టడం గురించి.

సోమవారపు చిట్టా

పాతకాపు గారూ, పెద్ద లేబుళ్లలో ‘ప్రకటనలు ఎక్కువ’, ‘వెతికితే దొరకదు’, ‘బ్యాటరీ’ అన్నవి రెండు వారాల్లోనూ దాదాపు ఒకేలా ఉన్నాయి, తేడా రెండు మూడుకు మించదు. ‘సింక్’ మాత్రం 19 నుంచి 3కు తగ్గింది. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, ‘సింక్ సమస్య దాదాపు తీరిపోయింది’ అని అదే పేజీలో రెండో వాక్యంగా రాశాను.

వాక్యాలు ఇవి:

“అప్‌డేట్ అయ్యాక యాప్ నన్ను బయటికి నెట్టేసింది. మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతోంది.”

“కోడ్ పది నిమిషాలకు వస్తోంది. ఈలోగా గడువు అయిపోయింది అంటోంది.”

“లాగవుట్ చేసి లాగిన్ అయ్యాను, అయినా నిన్న రాసిన నోట్లు లేవు.”

“ఖాతా తెరిస్తే ఖాళీ. నా మూడు నెలల రాతలు ఎక్కడ?”

“ఎంత గొప్ప యాప్ అంటే, ఒక్క ముక్క రాసుకోవాలన్నా ముందు ఖాతా తెరవాలి. శభాష్.”

“మీ వాళ్లు చెప్పినట్టే లాగిన్ మళ్లీ చేశాను. ఉన్న నాలుగు నోట్లు కూడా పోయాయి.”

పాతకాపు

ఈ ఆరింటిని మళ్లీ నెమ్మదిగా చదవండి. మొదటిదానిలో మనిషి తాను చేయకుండానే బయటికి వచ్చేశాడు. రెండోదానిలో కోడ్ ఆలస్యమైంది. ఈ రెండూ లాగిన్ దగ్గర జరిగినవే, కానీ వీటిని బాగుచేసే మనుషులు వేరు, కారణాలు వేరు. అయిదోది ఫిర్యాదు రూపంలో ఉన్న కోరిక, ఖాతా లేకుండా వాడనివ్వమని అడుగుతున్నాడు. వెటకారాన్ని మెచ్చుకోలుగా లెక్కవేయలేదు, అది మంచిదే.

మూడు, నాలుగు, ఆరు మాత్రం అసలు లాగిన్ ఫిర్యాదులే కావు. ఆ ముగ్గురూ లోపలికి వెళ్లగలిగారు. లోపల వాళ్ల నోట్లు లేవు. వాక్యంలో ‘లాగిన్’ అన్న మాట ఉంది కాబట్టి, లేదా ‘ఖాతా’ అన్న మాట ఉంది కాబట్టి, మీ చేయి ఆ లేబుల్ వైపు వెళ్లింది. పోయిన వారం ఇలాంటి వాక్యాలనే మీరు ‘సింక్’ అని రాసి ఉంటారని నా ఊహ. ఒక లేబుల్ ఎగిరిన వారమే దాని పక్కనున్న లేబుల్ కూలిపోతే, బయటి ప్రపంచంలో ఏం జరిగిందో వెతికే ముందు షీట్‌లో ఏం జరిగిందో వెతకాలి.

‘సింక్’, ‘లాగిన్’ అన్నవి మీ బృందం యాప్‌ను విడగొట్టుకున్న భాగాల పేర్లు. రాసిన మనిషికి ఆ భాగాలు తెలియవు, తనకు ఏం జరిగిందో మాత్రమే తెలుసు. అందుకే లేబుల్‌ను ఆ మనిషికి జరిగినదాని పేరుతో పెట్టాలి: ‘రాసిన నోటు కనిపించలేదు’, ‘తానుగా బయటికి వచ్చేసింది’, ‘కోడ్ ఆలస్యం’, ‘పాస్‌వర్డ్ మార్చే మెయిల్ రాలేదు’. ఇలా పెట్టుకుంటే ఒక వాక్యం ఏ లేబుల్ కిందికి వస్తుందో నిర్ణయించడానికి, వాక్యంలో ఏ మాట ఉందన్నది కాక, రాసిన మనిషి చివరికి ఏది పొందలేకపోయాడు అన్న ప్రశ్న సరిపోతుంది.

ఈ పేర్లతో రెండు వారాల ‘లాగిన్’, ‘సింక్’ వరుసలను మళ్లీ చదివి లెక్క చెప్పండి. మొత్తం 117 వరుసలే, ఒక గంట పని. రెండు వారాలవీ కలిపి, వారం కనిపించకుండా దాచి, క్రమం చెదరగొట్టి చదవండి. లేకపోతే ‘ఇది పెరిగిన వారం’ అన్న ఆలోచన మీ చేతిని మళ్లీ నడిపిస్తుంది.

శాతాలరావు

ఇంత శ్రమ ఎందుకు? ‘లాగిన్’ అన్న మాట ఎన్ని వాక్యాల్లో ఉందో వెతికి లెక్కపెట్టే సూత్రం రాస్తే ఒక నిమిషంలో అయిపోతుంది. మనిషి చదివితేనే కదా ఇలాంటి పక్షపాతాలు వచ్చేది.

పాతకాపు

ఆమె షీట్‌లో జరిగిన పొరపాటును ఆ సూత్రం నిమిషంలో తిరిగి చేస్తుంది, అంతే. “లాగిన్ అయినా నోట్లు లేవు” అన్నదానిని లాగిన్‌గా లెక్కవేస్తుంది, “కోడ్ పది నిమిషాలకు వస్తోంది” అన్నదానిని వదిలేస్తుంది. ఒక మాట వాడుక హఠాత్తుగా పెరిగిందా అని చూడడానికి మాటల వెతుకులాట పనికివస్తుంది. ఆ మాట ఏ ఫిర్యాదులో భాగమో అది చెప్పదు.

సోమవారపు చిట్టా

చేశాను. గంట అన్నారు కానీ రెండున్నర గంటలు పట్టింది. ఫలితం ఇది.

41వ వారంలో లాగిన్ కింద ఉన్న 34లో తానుగా బయటికి వచ్చేసినవి 6, కోడ్ ఆలస్యం 15, పాస్‌వర్డ్ మెయిల్ రానివి 5, ఖాతా లేకుండా వాడనివ్వమన్నవి 4, నోటు కనిపించనివి 4. అదే వారం సింక్ కింద ఉన్న 19లో నోటు కనిపించనివి 16, నోటు చేరడం ఆలస్యమన్నవి 3.

42వ వారంలో లాగిన్ కింద ఉన్న 61లో తానుగా బయటికి వచ్చేసినవి 8, కోడ్ ఆలస్యం 19, మెయిల్ రానివి 6, ఖాతా వద్దన్నవి 5, నోటు కనిపించనివి 23. సింక్ కింద మిగిలిన 3 నోటు చేరడం ఆలస్యమన్నవే.

అంటే నోటు కనిపించలేదన్న ఫిర్యాదు మొత్తం మీద 20 నుంచి 23 అయింది, కోడ్ ఆలస్యం 15 నుంచి 19 అయింది, మిగిలినవి ఒకటి రెండు అటూ ఇటూ. 27 పెరిగిందని నేను రాసినదానిలో 16 కేవలం సింక్ నుంచి లాగిన్‌కు నడిచి వచ్చినవి. మిగిలిన 11 అయిదు వేర్వేరు విషయాల్లో కొంచెం కొంచెంగా చేరినవి. ‘లాగిన్ పెరిగింది’, ‘సింక్ తీరిపోయింది’ అన్న రెండు వాక్యాలూ ఒకే పొరపాటుకు రెండు ముఖాలు.

కొత్త ప్రశ్న: 20 నుంచి 23 అన్నది పెరుగుదల అని రాయాలా, వద్దా?

పాతకాపు

పెరిగిందని రాయవద్దు. ఇలాంటి చిన్న సంఖ్యలకు నేను వాడే కొలత ఒకటి ఉంది. రెండు వారాల సంఖ్యలను కూడి, ఆ మొత్తానికి వర్గమూలం కట్టి, రెట్టింపు చేయండి. తేడా అంతకన్నా తక్కువైతే ‘ఇంచుమించు అంతే’ అని రాయండి. 20, 23 కలిపితే 43, వర్గమూలం దాదాపు 6.6, రెట్టింపు 13. మీ తేడా 3. కోడ్ ఆలస్యానికి 34, వర్గమూలం 5.8, రెట్టింపు దాదాపు 12, తేడా 4. రెండూ మామూలు ఊగిసలాటే.

దీని పరిమితి కూడా చెబుతాను. 34 నుంచి 61 అన్న మీ మొదటి సంఖ్యను ఈ కొలతకు పెడితే 95, వర్గమూలం 9.7, రెట్టింపు 19.5, తేడా 27. అది దర్జాగా నెగ్గుతుంది. యాదృచ్ఛికంగా ఇంత తేడా రాదని మాత్రమే ఈ లెక్క చెబుతుంది, తేడా యాప్‌లో పుట్టిందా లేబుల్ రాసిన చేతిలో పుట్టిందా అన్నది దానికి తెలియదు. పైగా ఒకే సంఘటన మీద గుంపుగా వచ్చే ఫిర్యాదులకు ఇది సరిగ్గా వర్తించదు. ఇరవై లేబుళ్లను వారం వారం చూస్తుంటే ఏదో ఒకటి ఊరికే గీత దాటుతుంది కూడా.

రోడ్‌మ్యాప్

నేను ఇలాంటి పేజీలను అందుకునే వైపు మనిషిని, వృత్తి రీత్యా ప్రొడక్ట్ మేనేజర్‌ను. నిజం చెప్పాలంటే నాకు వర్గమూలాలు అక్కరలేదు, శాతాలూ అక్కరలేదు. ఈ వారం సంఖ్య, పోయిన వారం సంఖ్య, ఆ లేబుల్ కింద వచ్చినవాటిలో మూడు వాక్యాలు ఉన్నవి ఉన్నట్టుగా ఉంటే చాలు. ఆ ఆరు వాక్యాలను ‘చిట్టా’ గారు తన పేజీలోనే పెట్టి ఉంటే ఆమె మేనేజర్ ఇద్దరు ఇంజినీర్లను లాగిన్ మీద కూర్చోబెట్టేవారు కాదు, మూడో వాక్యం దగ్గరే ఆగిపోయేవారు. సారాంశం అన్న పేరుతో జనం మాటలను మన మాటల్లోకి మార్చి పంపినప్పుడు, చదివేవాడికి తప్పును పట్టుకునే దారి మూసుకుపోతుంది.

ఇంకొకటి. ఒక లేబుల్‌ను ఈ వారం విడగొట్టినా, కలిపినా, అర్థం మార్చినా ఆ విషయం పేజీలో మొదటి వరుసలోనే చెప్పాలి. అది చెప్పకుండా ఇచ్చిన పోలిక మీద ఒక మూడు నెలల ప్రణాళిక మార్చి, తర్వాత నాలిక కరుచుకున్న అనుభవం నాకు ఉంది.

పాతకాపు

రోడ్‌మ్యాప్ గారి మాటతో ఏకీభవిస్తాను, ఒక షరతుతో. ఆ మూడు వాక్యాలను నివేదిక రాసేవారు ఎంచుకోకూడదు. ఎంచుకుంటే బాగా రాసినవాడి వాక్యం, బాగా తిట్టినవాడి వాక్యం పైకి వస్తాయి. ఆ లేబుల్ వరుసల్లో యాదృచ్ఛికంగా మూడు తీయాలి.

‘చిట్టా’ గారూ, ఇక లేబుళ్లకు ఒక పుస్తకం పెట్టుకోండి. షీట్‌లోనే మరో పేజీ చాలు. ఒక్కో లేబుల్‌కు ఏది దీని కిందికి వస్తుంది, చూడడానికి ఇలాగే ఉన్నా ఏది రాదు, ఒక నమూనా వాక్యం, ఎప్పుడు చేర్చారు లేదా మార్చారు అన్న తేదీ. ఇందులో రెండో గడే ఎక్కువ పని చేస్తుంది. ‘తానుగా బయటికి వచ్చేసింది’ అన్నదాని పక్కన ‘మళ్లీ లోపలికి వెళ్లి నోటు లేదంటే ఇది కాదు, నోటు కనిపించలేదు కిందికి వెళ్తుంది’ అని రాసి ఉంటే ఈ చర్చే ఉండేది కాదు. ఆ తర్వాత ఒక సహోద్యోగికి ఆ పుస్తకం, 50 వరుసలు ఇచ్చి విడిగా లేబుల్ రాయించండి. ఇద్దరూ వేర్వేరుగా రాసినవాటినే పక్కపక్కన పెట్టుకుని మాట్లాడుకోండి. ఇద్దరి ఏకీభావాన్ని కొలవడానికి 1960లో జేకబ్ కోహెన్ ప్రతిపాదించిన కప్పా అనే కొలత ఉంది, కానీ మొదటిసారి ఆ అంకె కన్నా ఆ మాటలే ఉపయోగపడతాయి.

ఒక రివ్యూలో రెండు ఫిర్యాదులు ఉంటే రెండు వరుసలు చేయండి, రివ్యూ సంఖ్య మాత్రం ఒకటే ఉంచండి. అప్పుడు ఫిర్యాదులు ఎన్ని, మనుషులు ఎందరు అన్నవి విడివిడిగా లెక్కపెట్టవచ్చు. A కాలమ్‌లో మనిషి గుర్తు, Bలో వారం, Cలో లేబుల్ ఉంటే:

```
=COUNTIFS(B:B,42,C:C,"నోటు కనిపించలేదు")
=COUNTA(UNIQUE(FILTER(A:A,(B:B=42)*(C:C="నోటు కనిపించలేదు"))))
```

రెండోదానిలో ఒక ఉచ్చు ఉంది. ఆ వారం ఆ లేబుల్ ఒక్కటీ లేకపోతే FILTER దోషం ఇస్తుంది, COUNTA ఆ దోషాన్ని కూడా ఒకటిగా లెక్కపెట్టి 1 చూపిస్తుంది. సున్నా రావలసిన చోట ఒకటి రావడాన్ని నేను చాలా కాలం గమనించలేదు.

సోమవారపు చిట్టా

మనుషుల లెక్క చూశాను. సపోర్ట్ మెయిల్, యాప్‌లోని పెట్టె రెండింటిలోనూ రాసినవాళ్లను మెయిల్ చిరునామాతో కలిపితే 42వ వారంలో 23 ఫిర్యాదులు 20 మందివని తేలింది. స్టోర్ రివ్యూలలో మెయిల్ ఉండదు కాబట్టి వాటిని దేనితోనూ కలపలేకపోయాను, అసలు సంఖ్య ఇంకా తక్కువ కావచ్చు.

జవాబుల గది

నేను సపోర్ట్ వైపు పని చేస్తాను. మీరు పెట్టిన వాక్యాల్లో ఆరోది నన్ను ఆపింది. “మీ వాళ్లు చెప్పినట్టే లాగిన్ మళ్లీ చేశాను” అని రాశాడు. అంటే మీ సపోర్ట్ బృందం పంపే సిద్ధ సమాధానంలో ‘ఒకసారి లాగవుట్ చేసి మళ్లీ లాగిన్ అవ్వండి’ అన్న సలహా ఉండి ఉంటుంది. మేము పంపే మాటలు వారం తిరిగేసరికి జనం రాసే మాటల్లోకి వచ్చేస్తాయి, ఇది మా దగ్గర ఎన్నోసార్లు చూశాను. ఒకసారి మేము జవాబుల్లో ‘క్యాష్ తుడవండి’ అని రాయడం మొదలుపెట్టాక, ‘క్యాష్ సమస్య’ అనే కొత్త లేబుల్ నివేదికలో పుట్టింది. ఆ సిద్ధ సమాధానం ఎప్పుడు మారిందో కనుక్కోండి. ‘ఉన్న నాలుగు నోట్లు కూడా పోయాయి’ అన్న భాగాన్ని మాత్రం తేలికగా తీసుకోవద్దు.

రోడ్‌మ్యాప్

నోటు కనిపించలేదన్నవి ఏ వెర్షన్‌లో వచ్చాయో కూడా చూడండి. స్టోర్ రివ్యూలతో పాటు వెర్షన్ వస్తుంది కదా.

సోమవారపు చిట్టా

వెర్షన్ చూశాను. 23లో స్టోర్ నుంచి వచ్చినవి 12, వాటిలో 11 కొత్త వెర్షన్‌లోనివి. మొదట ఇదే కారణమని రాయబోయాను. తర్వాత ఇంజినీర్లను అడిగితే వాడేవాళ్లలో అత్యధికులు ఇప్పటికే కొత్త వెర్షన్‌లో ఉన్నారని చెప్పారు, కాబట్టి 12లో 11 అన్నది ఏమీ రుజువు చేయడం లేదు.

సపోర్ట్ సంగతి మాత్రం సరిగ్గా తగిలింది. సిద్ధ సమాధానం 41వ వారం శుక్రవారం మారింది. నోటు కనిపించడం లేదని రాసినవారికి పాతదానిలో ‘నెట్ ఉన్న చోట యాప్‌ను కాసేపు తెరిచి ఉంచండి’ అని ఉండేది, కొత్తదానిలో ‘లాగవుట్ చేసి మళ్లీ లాగిన్ అవ్వండి’ అని ఉంది. 42వ వారపు 23 వాక్యాల్లో 14 చోట్ల ‘లాగిన్’ లేదా ‘లాగవుట్’ అన్న మాట ఉంది. 41వ వారంలో నాలుగు చోట్లే ఉంది, అవి నేను అప్పుడు కూడా లాగిన్ కింద వేసిన ఆ నాలుగే. 14 రాసేసరికి చేయి అలవాటు పడి, ఆ మాట లేని మిగిలిన తొమ్మిదింటినీ అటే తోసినట్టున్నాను.

ఇక ఆరో వాక్యం. మా టెస్టర్ తన ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి రెండు నోట్లు రాశారు. నెట్ తిరిగి వచ్చాక, అవి సర్వర్‌కు చేరకముందే లాగవుట్ చేశారు. మళ్లీ లోపలికి వెళ్తే రెండు నోట్లూ లేవు. లాగవుట్ అయినప్పుడు ఫోన్‌లో ఉన్న ప్రతిని యాప్ తుడిచేస్తుంది. ఇంకా చేరని నోట్లు ఉన్నాయని ఎక్కడా హెచ్చరించదు. ఆలస్యంగానైనా చేరవలసిన నోట్లను మా సలహాయే పూర్తిగా పోగొట్టింది. ఆ సిద్ధ సమాధానాన్ని ఈ మధ్యాహ్నం తీసేశారు.

అయితే అసలు నోట్లు సర్వర్‌కు ఎందుకు చేరడం లేదన్నది ఇంకా తెలియలేదు. 41వ వారంలో ఈ సలహా లేకముందే 20 ఉన్నాయి కదా.

శాతాలరావు

ఒప్పుకుంటున్నాను, ఇది శాతంలో కనిపించే విషయం కాదు. కానీ ఒక అనుమానం. పాత రివ్యూను జనం తర్వాత మార్చుకోవచ్చు కదా, అప్పుడు అది ఏ వారం లెక్కలోకి వస్తుంది?

పాతకాపు

మంచి ప్రశ్న. గూగుల్ ప్లే రివ్యూలను ప్రోగ్రామ్ ద్వారా తెచ్చుకుంటే, గడిచిన వారంలో కొత్తగా రాసినవీ, మార్చినవీ రెండూ వస్తాయి. నెలల క్రితం రాసినవాడు ఒక మాట సరిదిద్దినా ఈ వారం వరుసల్లో కనిపిస్తాడు. రివ్యూ సంఖ్యను షీట్‌లో ఉంచుకుంటే పాతది మళ్లీ వచ్చిందని తెలుస్తుంది. దానిని కొత్త ఫిర్యాదుగా లెక్కపెట్టను, కానీ ఏం మార్చాడో చదువుతాను. మూడు నక్షత్రాలను ఒకటి చేసినవాడు మన జవాబు తర్వాత ఏం జరిగిందో చెబుతున్నాడు.

దీనికి తోడు మరో అలవాటు చెబుతాను, కొందరు ఒప్పుకోరు. సంఖ్యలతో సంబంధం లేకుండా, ఒక్కటి వచ్చినా పేజీ పైన రాసే విషయాల జాబితా ఒకటి నా దగ్గర ఉంది. రాసినది పోవడం, డబ్బు రెండుసార్లు పోవడం, ఒకరి సమాచారం మరొకరికి కనిపించడం, ఒంటికి హాని. ఆరో వాక్యం ఒక్కటే వచ్చినా అది మొదటి వరుసలో ఉండాల్సింది.

రోడ్‌మ్యాప్

నేను ఒప్పుకోనివాళ్లలో ఒకడిని. అలాంటి జాబితా నాలుగు అంశాలతో మొదలై ఆరు నెలలకు పధ్నాలుగు అవుతుంది, ఎందుకంటే ఏ అంశాన్నీ అందులోంచి తీసే ధైర్యం ఎవరికీ ఉండదు. ప్రతి సోమవారం పైన ఎర్ర అక్షరాలు చూసి చూసి వాటిని దాటి చదవడం అలవాటవుతుంది. ఏది తీవ్రమో నిర్ణయించడం నా పని, నాకు వాక్యాలు ఇవ్వండి.

పాతకాపు

మీరు ఆ వాక్యాన్ని చూసేదాకా నిర్ణయించలేరు. 400లో ఒకటిగా ఉన్న వాక్యం యాదృచ్ఛికంగా తీసిన మూడింటిలోకి ఎలా వస్తుంది?

రోడ్‌మ్యాప్

అది నిజమైన అభ్యంతరమే. దానికి నా దగ్గర ఇప్పటికి జవాబు లేదు. అయినా జాబితా మాత్రం వద్దు.

జవాబుల గది

అలాంటివి సోమవారం దాకా ఆగకూడదు. చదివిన రోజే ఇంజినీర్‌కు చెప్పాలి. అప్పుడు వారపు పేజీలో వాటి స్థానం గురించి ఈ తగవే ఉండదు.

సోమవారపు చిట్టా

ఈ సోమవారం పంపబోయే పేజీలో మొదటి భాగం ఇలా రాశాను, చూసి చెప్పండి.

“గత వారపు నివేదికకు సవరణ: ‘లాగిన్’, ‘సింక్’ అన్న లేబుళ్లను తీసేసి, వాటి స్థానంలో ఆరు కొత్త లేబుళ్లు పెట్టాం. 41, 42 వారాలను కొత్త లేబుళ్లతో మళ్లీ లెక్కించాం. లాగిన్ పెరిగిందని, సింక్ తీరిందని రాసిన రెండు వాక్యాలూ తప్పు. రాసిన నోటు కనిపించలేదన్నవి 20, తర్వాత 23, అంటే ఇంచుమించు అంతే. కోడ్ ఆలస్యం 15, తర్వాత 19, ఇదీ ఇంచుమించు అంతే. చేరని నోట్లు ఉండగా లాగవుట్ చేస్తే అవి పోతున్నాయని పరీక్షలో తేలింది.” దాని కింద ఒక్కో లేబుల్‌కు యాదృచ్ఛికంగా తీసిన మూడు వాక్యాలు.

అంతకు ముందరి నివేదికల సంగతి ఏమిటి? నలభై వారాలవి ఉన్నాయి, అన్నీ పాత పద్ధతిలో రాసినవే.

పాతకాపు

అన్నీ తిరగరాయవద్దు. నోటు కనిపించలేదన్న ఒక్క లేబుల్‌కు మాత్రం వెనక్కి నాలుగు వారాలు వెళ్లండి, ఎందుకంటే ఇంజినీర్లు మిమ్మల్ని తప్పకుండా అడిగే ప్రశ్న ‘ఇది ఎప్పటి నుంచి’ అన్నదే. మిగిలిన లేబుళ్లకు 41వ వారం దగ్గర పట్టికలో ఒక గీత గీసి, దానికి ఇటువైపు సంఖ్యలను అటువైపు సంఖ్యలతో పోల్చరాదని రాయండి.

శాతాలరావు

ఆ గీతను మూడు వారాల తర్వాత ఎవరూ చూడరు. పాత సంఖ్యలను పట్టికలోంచి పూర్తిగా తీసేయడమే మేలని నా అభిప్రాయం.

సోమవారపు చిట్టా

వెనక్కి నాలుగు వారాలు చదివాను. నోటు కనిపించలేదన్నవి 37వ వారంలో 6, 38లో 7, 39లో 18, 40లో 19. ఇది 42వ వారంలో పుట్టిన సమస్య కాదు, 38, 39 వారాల మధ్య పుట్టినది. 39వ వారపు నివేదిక తెరిచి చూశాను. అందులో ‘సింక్’ కింద 9, ‘వెతికితే దొరకదు’ కింద 6, ‘ఇతరాలు’ కింద 3గా విడిపోయి ఉన్నాయి. ఏదీ పైకి వచ్చేంత పెద్దది కాలేదు. 38వ వారం చివర్లో ఏం విడుదలైందో ఇంజినీర్లు ఇప్పుడు చూస్తున్నారు.